గెడ్డ నీళ్లు, అర్జీ తెలుగు

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా పక్క వీధి అమ్మాయి ఫోను పట్టుకుని ఇంటికొచ్చింది. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. "మాస్టారూ, ఒక లెటర్ రాశాను. తప్పులేమైనా ఉంటే చెప్పరా? రేపు సోమవారం అర్జీలు తీసుకుంటారు, ఇచ్చేయాలి" అంది. వెనకాలే వాళ్లమ్మ కూడా వచ్చింది. "మొన్న వానకి మా అమ్మ మంచం కిందకి నీళ్లొచ్చీసాయండి మాస్టారూ. ముసిలావిడ లేవలేదు కదా, తెల్లార్లూ మంచం ఇటుకల మీద పెట్టుకుని కూర్చున్నాం" అంది.

సంగతి నాకు తెలిసిందే. తగరపువలసలో వాళ్ల వీధి చివర ఒక గెడ్డ ఉంది. గోస్తని వైపు పోయే నీరు అందులోంచే పోవాలి. గెడ్డ మీది కల్వర్టు పూడిపోయింది కాబట్టి నీరు వెనక్కి తన్ని వీధిలోకి వస్తోంది. కిందటేడు వీధి పెద్ద ఒకాయన అర్జీ పెట్టాడు. 'తగు చర్యలు తీసుకొనవలసినదిగా' అని రాశాడు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. 'తగు చర్యలు తీసుకొనబడును' అని ఉంది. అడిగిందీ అదే, వచ్చిందీ అదే. ఏ కార్యాలయం అన్నది ఇక్కడ మనకు ముఖ్యం కాదు.

ఈసారి అమ్మాయి రాసిన ఉత్తరం ఇదీ. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను. చదివి మీరు కూడా తప్పులు లెక్కపెట్టండి.

"గౌరవనీయులైన అధికారి గారికి,

విషయం: మా వీధి యొక్క కల్వర్టు గురించి.

అయ్యా, నేను ఒక తగరపువలస నివాసిని మరియు మా వీధి 40 ఇళ్లను కలిగి ఉన్నది. మా వీధి చివర గల గెడ్డ మీద కల్వర్టు గత సంవత్సరం శుబ్రం చేయబడింది, కానీ తీయబడిన పూడిక గట్టు మీదే వదిలివేయబడినందున అది మరల గెడ్డలోకి వచ్చీసింది. దీని యొక్క కారణంగా నీరు ఇళ్లలోకి ప్రవేశించడం జరుగుతున్నది. ఎవరైతే వృద్ధులు ఉన్నారో వారు చాలా భాదపడుతున్నారు. విధ్యార్ధులకి స్కూల్‌కి వెళ్లడం అవ్వట్లేదు. ఈ విషయంలో అధికారులు నిర్లక్షం వహించడం జరిగింది. కావున తమరు దయవుంచి వీలైనంత త్వరగా తగు చర్యలు తీసుకొనవలసినదిగా ప్రార్ధించుచున్నాము. మేము మీ నుండి త్వరగా వినడానికి ఎదురుచూస్తున్నాము. మీకు అడ్వాన్స్‌గా ధన్యవాదాలు.

ఇట్లు, మీ విధేయురాలు"

చదవగానే నాకు అనిపించింది ఒకటే. ఈ ఉత్తరం రాసింది ఒక్కరు కాదు, ముగ్గురు. 'ప్రార్ధించుచున్నాము' అన్నది కిందటేడు అర్జీ రాసిన వీధి పెద్ద. 'వచ్చీసింది, అవ్వట్లేదు' అన్నది వాళ్లమ్మ. 'మీ నుండి వినడానికి ఎదురుచూస్తున్నాము' అన్నది ఆ పిల్ల చదువుకున్న ఇంగ్లీషు పుస్తకం. ఒక్కో తప్పు ఒక్కో దారిన వచ్చింది. అందుకే ముగ్గుర్నీ ఒకే ఎర్ర పెన్నుతో కొడితే పని జరగదు. నేను మూడుసార్లు చదువుతాను. మొదట వాక్యం చూస్తాను, తరవాత భాషా స్థాయి, ఆఖరున స్పెల్లింగు. చాలామంది స్పెల్లింగుతో మొదలుపెడతారు. రేపు కొట్టేయబోయే వాక్యంలో వత్తులు దిద్దుకుంటూ కూర్చోవడం శుద్ధ దండగ.

మొదటి చదువులో చేసే పని చాలా చిన్నది. ప్రతి క్రియ కిందా గీత గీసి 'ఎవరు?' అని అడగడమే.

"'శుభ్రం చేయబడింది' అన్నావు. ఎవరు చేశారమ్మా?" అన్నాను.

అమ్మాయి ఆలోచించింది. "తెలీదు మాస్టారూ. చేశారు అంతే."

వాళ్లమ్మ అందుకుంది. "ఎందుకు తెలీదూ? కాంట్రాక్టరు మనుషులొచ్చారు. మే నెలలో, మా మరిది కొడుకు పెళ్లికి ముందు. రెండ్రోజులు తవ్వి, మట్టంతా గట్టు మీద పోసీసి ఎల్లిపోయారు. తీసుకెళ్లమంటే 'లారీ రేపొస్తాది' అన్నారు. ఆ లారీ ఇప్పటికీ రాలేదు."

చూశారా! అసలు కబురంతా ఆ ఒక్క 'బడింది' వెనకాల దాక్కుని ఉంది. కాంట్రాక్టరు తవ్వాడని, మట్టి ఎత్తుతానని ఎత్తలేదని రాస్తే, కాగితం అందుకున్న అధికారికి చేయవలసిన పని కనిపిస్తుంది. పాత ఫైలు తీసి, మట్టి తరలింపు ఆ పనిలో భాగమా కాదా చూస్తాడు. 'శుభ్రం చేయబడింది, వదిలివేయబడింది' అని రాస్తే చేసినవాడూ కనబడడు, వదిలినవాడూ కనబడడు.

ఈ 'బడు' ఎక్కడిదంటారా? పాత పుస్తకాల్లో లేదని కాదు. ఉంది. కానీ మన నోటి మాటలో దాదాపు లేదు. 'అన్నం వండబడింది, రండి' అని ఏ ఇల్లాలైనా పిలుస్తుందా? వండినవాళ్ల పేరు చెప్పనక్కర్లేనప్పుడు తెలుగుకు వేరే దారి ఉంది. కర్తను వదిలేసి 'కాలువ తవ్వారు', 'రోడ్డు వేశారు' అంటాం. ఇంగ్లీషువాడు కర్మణి ప్రయోగంతో చేసే పని మనం 'ఆరు'తో చేస్తాం. అయితే ఒక జాగ్రత్త. 'తవ్వారు' అన్నది తెలుగు వాక్యమే గానీ, అది కూడా కర్తను దాస్తుంది. కబుర్లలో ఫర్వాలేదు, అర్జీలో మాత్రం తెలిసిన కర్తను రాయాలి. తెలియకపోతే 'ఎవరు తవ్వారో మాకు తెలియదు' అని రాయాలి. అదీ ఒక సమాచారమే.

'బడు'కి అన్నదమ్ముడు 'జరిగింది'. 'ప్రవేశించడం జరుగుతున్నది', 'నిర్లక్ష్యం వహించడం జరిగింది'. ఇది ఇంగ్లీషు నుంచి కాదు, మన సభల మైకుల నుంచి, సర్కారీ నోట్ల నుంచి వచ్చింది. 'నేను చెప్పడం జరిగింది' అంటే నేను చెప్పలేదు, దానంతటది జరిగిపోయింది అన్నట్టుంటుంది. 'నీరు ఇళ్లలోకి వస్తోంది' అంటే చాలు. నిర్లక్ష్యం వాక్యాన్ని మొత్తంగా కొట్టేయమన్నాను. అది ఫిర్యాదు కూడా కాదు, తిట్టు. తారీకు, ఇళ్ల లెక్క రాస్తే నిర్లక్ష్యం అన్న మాట రాయకుండానే కనిపిస్తుంది.

ఇక ఇంగ్లీషు కట్టు వాక్యాలు. వీటిని పట్టుకోవడానికి నా దగ్గర ఉన్న పరీక్ష ఒకటే: వాక్యాన్ని పైకి చదివి, ఎదురుగా ఉన్న మనిషికి అలా చెప్తామా అని చూసుకోవడం.

'నేను ఒక తగరపువలస నివాసిని.' ఈ 'ఒక' ఎందుకు? ఇంగ్లీషులో నామవాచకం ముందు చాలాచోట్ల ఏదో ఒకటి పెట్టకపోతే కుదరదు. మనకు ఆ అవసరం లేదు. ఎదుటివాడికి కొత్త మనిషినో కొత్త వస్తువునో పరిచయం చేసేటప్పుడు 'ఒక రాజు', 'ఒక ఊరు' అంటాం. నా గురించి నేను చెప్పుకునేటప్పుడు 'నేను తగరపువలసలో ఉంటున్నాను' అంటే సరిపోతుంది.

'మా వీధి 40 ఇళ్లను కలిగి ఉన్నది.' వీధి ఇళ్లను కలిగి ఉండడమేమిటి? 'మా వీధిలో 40 ఇళ్లున్నాయి.' ఇంగ్లీషులో వీధికి ఇళ్లు ఆస్తి. తెలుగులో వీధి ఇళ్లుండే చోటు. అందుకే మనం 'లో' పెడతాం, లేదా 'ఆయనకు ఇద్దరు పిల్లలు' అన్నట్టు 'కు' పెడతాం.

'మా వీధి యొక్క కల్వర్టు.' 'యొక్క' తీసి చదవండి. 'మా వీధి కల్వర్టు.' ఏమైనా పోయిందా? 'దీని యొక్క కారణంగా' అన్నచోట 'దీనివల్ల' చాలు. పది 'యొక్క'లు కొట్టేస్తే తొమ్మిదిచోట్ల అర్థం చెక్కుచెదరదు. పదోచోట వాక్యాన్నే తిరగరాయాలి.

'నివాసిని మరియు మా వీధి...' రెండు వేరు వేరు సంగతుల్ని 'మరియు'తో ముడేయడం తెలుగు పద్ధతి కాదు. చుక్క పెట్టి రెండో వాక్యం మొదలుపెట్టాలి. పేర్లు కలపాలంటే మనకు దీర్ఘం ఉంది. 'పిల్లలూ పెద్దలూ' అంటాం, 'పిల్లలు మరియు పెద్దలు' అనం.

'ఎవరైతే వృద్ధులు ఉన్నారో వారు.' ఇంగ్లీషులో మనిషి పేరు ముందు, అతని సంగతి వెనకాల వస్తాయి. తెలుగులో సంగతి ముందొస్తుంది. 'ఇంట్లో ఉన్న వృద్ధులు', 'మంచం పట్టిన ముసలివాళ్లు'. ఒక్క మాటతో అయ్యే పనికి ఎవరైతే, వారో అని రెండు గుంజలు పాతనక్కర్లేదు.

'మీ నుండి వినడానికి ఎదురుచూస్తున్నాము' దగ్గర వాళ్లమ్మ నవ్వేసింది. "వినడానికి మనమేటి రేడియో పెట్టుకుని కూర్చున్నామా?" అంది. అమ్మాయి కూడా నవ్వింది. ఇంగ్లీషు ఉత్తరం చివర ఆ వాక్యం మర్యాద. తెలుగులో దానికి చోటు లేదు. జవాబు కావాలంటే 'ఎప్పుడు చేస్తారో తెలియజేయండి' అని అడగాలి. 'తెలియజేయగలరు' అని కూడా ఈ మధ్య అందరూ రాస్తున్నారు. 'గలరు' అంటే చేసే శక్తి ఉందని. అధికారికి శక్తి ఉందని మనం ధ్రువపత్రం ఇవ్వనక్కర్లేదు, చేయమని అడగాలి. 'అడ్వాన్స్‌గా ధన్యవాదాలు' కూడా అంతే. పని కాకముందే ధన్యవాదాలు చెప్పడం మన అలవాటు కాదు. అయ్యాక వెళ్లి చెప్తాం.

ఇది మొదటి చదువు. దీనికే అరగంట పట్టింది. వాక్యం కుదుటపడ్డాక రెండో చదువులో చూడవలసింది క్రియల తోకలు.

'ప్రార్థించుచున్నాము' గ్రాంథికం. 'ఎదురుచూస్తున్నాము' నేటి రాత. 'అవ్వట్లేదు' నోటి మాట. మూడూ తెలుగే, మూడూ తప్పు కావు. కానీ ఒకే కాగితం మీద మూడూ ఉంటే, పంచె మీద కోటు వేసి కాళ్లకు హవాయి చెప్పులు తొడిగినట్టుంటుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇవాళ్టి అర్జీకి పత్రికల్లో వాడే శిష్ట వ్యావహారికం చాలు. 'చేస్తున్నాం, వచ్చింది, వెళ్లలేకపోయారు.' 'తమరు' తీసి 'మీరు' పెట్టాలి. 'కావున' తీసి 'అందువల్ల' పెట్టాలి, లేదా ఏమీ పెట్టకుండా నేరుగా అడగాలి.

ఇక్కడ అమ్మాయి ఒక మాట అడిగింది. "గ్రాంథికంలో రాస్తే మర్యాదగా ఉంటుంది కదా మాస్టారూ? ఆఫీసు కాగితం కదా?"

మంచి ప్రశ్నే. దీనికి జవాబు మన ఉత్తరాంధ్రలోనే ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో సగం ఈ సంగతి మీదే పోరాడారు. ఆయన పుట్టినరోజే మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. గ్రాంథికం గొప్పది కాదని ఆయన వాదించలేదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితులకే అది తప్పుల్లేకుండా రాయడం చేతకావడం లేదని, వాళ్ల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అన్న పుస్తకం ఆ పనే చేసింది. పండితులకే చేతకానిది, అర్జీ రాసే మనకు ఎలా వస్తుంది? అందుకే మన అర్జీల్లో గ్రాంథికం ఆఖరి వాక్యంలో మాత్రమే కనిపిస్తుంది. పై పది వాక్యాలూ ఎలాగో నడిపి, చివర 'ప్రార్థించుచున్నాము' అని దణ్ణం పెట్టేస్తాం. అది మర్యాద కాదు, అలవాటు. మర్యాద 'అయ్యా'లో ఉంది, 'మీరు'లో ఉంది, అడిగేది సూటిగా అడిగి ఎదుటివాడి టైము మిగల్చడంలో ఉంది.

ఇదే చదువులో మనుషుల లెక్క కూడా చూసుకోవాలి. ఉత్తరం 'నేను'తో మొదలై 'మేము'లోకి పోయి 'విధేయురాలు'గా తేలింది. సంతకాలు వీధంతా పెడుతున్నప్పుడు మొదటి నుంచీ 'మేము' అనే ఉండాలి. 'మన వీధి' అని మాత్రం రాయకూడదు. 'మన'లో అధికారి కూడా ఉంటాడు, ఆయన ఇంట్లోకి నీళ్లు రాలేదు.

అమ్మాయి హుషారుగా 'గెడ్డ'ను కూడా కొట్టేయబోయింది. "ఇది స్లాంగ్ కదా మాస్టారూ, 'కాలువ' అని పెడతాను" అంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. 'వచ్చీసింది' మన పలుకుబడి. దానికి రాతలో 'వచ్చేసింది' అనో 'జారింది' అనో సమానమైన మాట ఉంది, మార్చవచ్చు. 'గెడ్డ'కు అలాంటి మాట లేదు. కాలువ అంటే మనిషి తవ్వింది. గెడ్డ అంటే కొండల మీది నీరు తనంతట తాను చేసుకున్న దారి. ఆఫీసులో 'కాలువ' అని చదివితే ఇళ్ల ముందు సిమెంటు కాలువ అనుకుని పారిశుధ్య సిబ్బందిని పంపిస్తారు. వాళ్లు చీపురు పట్టుకుని వచ్చి, ఇది మా పని కాదని వెళ్లిపోతారు. అయినా విశాఖలో జలాశయానికే మేహాద్రిగెడ్డ అని పేరుంది. ఇన్నాళ్లుగా సర్కారు కాగితాల్లో ఉన్న మాట మన కాగితంలో ఉంటే తప్పా? ఊరి మాటలన్నీ చెరిపేయడం భాషను దిద్దడం కాదు. అర్థాన్ని మోస్తున్న మాటను ఉంచాలి, యాసను మాత్రమే మోస్తున్న రూపాన్ని మార్చాలి.

ఆఖరున స్పెల్లింగు. ఈ ఉత్తరంలో తప్పులు ఐదు మాటల్లో ఉన్నాయి: శుబ్రం, భాద, విధ్యార్ధి, నిర్లక్షం, ప్రార్ధించు. జాగ్రత్తగా చూస్తే వీటిలో నాలుగు ఒకే జాతివి. వత్తు అక్షరం దగ్గర తడబాటు.

దీనికి కారణం అమ్మాయి చదువు కాదు. మనం మాట్లాడేటప్పుడు వత్తులు పెద్దగా పలకం. 'బాద' అన్నా 'బాధ' అన్నా చెవికి ఒకటే. చెవి సాయం చెయ్యని చోట మాట పుట్టుక తెలియాలి. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, కింద వచ్చిన వరసలోంచి ఒకటి నొక్కేస్తాం. తప్పు మాట కూడా చూడ్డానికి తెలిసిన మొహంలాగే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మందిని పడేసేది 'ర్థ', 'ర్ధ'. ధ కడుపులో చుక్క పెడితే థ. వత్తుగా కిందికి పోయేసరికి ఆ చుక్క చీమ తలంత అయిపోతుంది, ఫోనులో అసలే కనబడదు. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. చుక్క మరిచిపోతే 'నాకు అర్ధమైంది' అన్నవాడికి సగమే అయిందన్నమాట. నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒకటుంది. అడగడం, కోరడం ఉన్న మాటల్లో చుక్క ఉంటుంది. ప్రార్థన, అభ్యర్థన, అభ్యర్థి అన్నీ కోరడమే. విద్యార్థి అంటే విద్యను కోరేవాడు. విద్యలో ద, అర్థిలో థ. ఈ అమ్మాయి రెండుచోట్లా ధ పెట్టింది. ప్రయోజనం, డబ్బు, భావం అనే 'అర్థం' ఉన్న ఆర్థికం, స్వార్థం, పదార్థం కూడా చుక్కవే. సగం అన్నచోట చుక్క లేదు. వర్ధంతి, నిర్ధారణ లాంటివి వేరే కుటుంబం, వాటికీ చుక్క లేదు.

'బాధ'లో బరువు చివర ఉంది. బాధ్యతలోనూ అంతే. ముందు భ పెట్టి వెనక ద పెడితే బరువు తలకిందులవుతుంది. శుభ్రంలో 'శుభం' వినబడుతుంది కాబట్టి భ. నిర్లక్ష్యం ఒక్కటే వేరే జాతి. దాంట్లో లక్ష్యం ఉంది, లక్ష కాదు. లక్ష్యానికి ఉన్న యవత్తు దీనికీ ఉండాలి.

ఇళ్లు, ఇళ్ళు అని రెండు రకాలుగా రాయడాన్ని నేను తప్పు అనను. రెండూ వాడుకలో ఉన్నాయి. ఒక ఉత్తరంలో ఒకటే ఉంటే చాలు.

ఈ చదువుకు ఒక చిట్కా ఉంది. ఉత్తరాన్ని చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదవండి. ముందు నుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుంది, అక్షరం కనబడదు. ఇంకొకటి, ఈ పని ఫోనులో కాదు, అచ్చయిన కాగితం మీద చేయాలి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత ఫాంట్లే వాడతారు. వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో అతకదు. ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు. మనం దిద్దిన తప్పులు పోయి ఆయన తప్పులు కొత్తగా చేరతాయి.

మూడు చదువులూ అయ్యాక ఉత్తరం ఇలా తేలింది. తారీకులు, లెక్కలు వాళ్లమ్మ చెప్పింది. భాష అమ్మాయే రాసింది, నేను పక్కన కూర్చున్నానంతే.

"విషయం: గెడ్డ కల్వర్టులో పూడిక తీయించి, మట్టిని తరలించాలని వినతి.

అయ్యా,

మేము తగరపువలసలో ఉంటున్నాం. మా వీధిలో 40 ఇళ్లున్నాయి. వీధి చివర గెడ్డ మీద రెండు తూముల కల్వర్టు ఉంది.

గత సంవత్సరం మే నెలలో కాంట్రాక్టరు మనుషులు ఈ కల్వర్టులో పూడిక తీశారు. ఆ మట్టిని గట్టు మీదే పోసి వెళ్లారు. వానలకు అది తిరిగి గెడ్డలోకి జారింది. ఇప్పుడు ఎడమ తూము పూర్తిగా, కుడి తూము సగం పూడిపోయాయి.

ఆగస్టు 19 రాత్రి వానకు గెడ్డ నీరు వీధిలోకి ఎగదన్ని 11 ఇళ్లలోకి వచ్చింది. వాటిలో 3 ఇళ్లలో మంచం పట్టిన వృద్ధులున్నారు. మర్నాడు పిల్లలు బడికి వెళ్లలేకపోయారు.

అక్టోబరులో తుఫానులు వచ్చేలోగా రెండు తూముల్లోనూ పూడిక తీయించి, మట్టిని అక్కడి నుంచి తరలించాలని కోరుతున్నాం. పని ఎప్పుడు మొదలుపెడతారో కింది నంబరుకు తెలియజేయండి.

జతపరిచినవి: ఫొటోలు 4, ఇంటివారి సంతకాలు.

ఇట్లు,
వీధి నివాసులు"

దాదాపు అంతే పొడవు. కానీ మొదటి ఉత్తరంలో లేనివి ఇందులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఎవరు తవ్వారు, మట్టి ఎక్కడ పోశారు, ఏ తూము పూడింది, ఏ రాత్రి ఎన్ని ఇళ్లు మునిగాయి, ఎప్పటిలోగా ఏం చేయాలి. వీటిలో ఒక్కటీ నేను కనిపెట్టలేదు. అన్నీ వాళ్లింట్లోనే ఉన్నాయి. 'బడింది' తీసేసి 'ఎవరు' అని అడిగితే బయటికి వచ్చాయి. అక్టోబరు అని గడువు పెట్టడం వాళ్లమ్మ పట్టుదల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు ఆ నెల పేరు వేరే చెప్పాలా?

సోమవారం కాగితం ఇచ్చి, నంబరు వేసిన రసీదు తెచ్చుకున్నారు. తొమ్మిదో రోజున ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మాస్టారూ, ఆఫీసు నుంచి ఎవరో ఇంజనీరు గారు ఫోను చేశారు!"

"ఏమన్నారు?"

"ఎడమ తూము అని రాశారు, ఎటు నుంచి చూస్తే ఎడమ అని అడిగారు."

నేను నాలుక కరుచుకున్నాను. మూడుసార్లు చదివాను, వత్తులన్నీ లెక్కపెట్టాను, ఇది మాత్రం తట్టలేదు. నీటి పనుల్లో ఉన్నవాళ్లకు ఎడమ, కుడి అంటే నీరు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే వచ్చేవి. అమ్మాయి మాత్రం వాళ్లింటి గుమ్మంలోంచి చూసి రాసింది. అక్కడి నుంచి చూస్తే నీరు తన వైపే వస్తుంది. అంటే ఆవిడ ఎడమ, ఆయనకు కుడి.

"మరి ఏం చెప్పావు?"

"పూర్తిగా పూడింది రావిచెట్టు వైపు తూము అని చెప్పాను. 'ఆఁ, అలా చెప్పండి' అన్నారు. గురువారం చూడ్డానికి వస్తారట."

ఈ కాలమ్ రాసేనాటికి ఇంకా గురువారం రాలేదు. పూడిక తీస్తారో లేదో చెప్పలేను. కానీ కిందటేటి కాగితాన్ని ఎవరూ ఇలా ఎదురు ప్రశ్న వేయలేదు. ఎదురు ప్రశ్న వచ్చిందంటే ఎవరో కూర్చుని చదివారన్నమాట. నా దగ్గరున్న కాపీలో 'ఎడమ తూము' కొట్టేసి 'రావిచెట్టు వైపు తూము' అని రాసుకున్నాను.